ఎవ్వరూ పూలమాలలు తీసుకురావద్దని మనవి

చావు ప్రకటనలు రాయడంలో నాకు మంచి పేరుండేది. నవ్వకండి. ఎనభైల మొదట్లో హనుమకొండలో ఒక నాలుగు పేజీల దినపత్రిక నడిచేది. అందులో ప్రకటనల బల్ల దగ్గర కూర్చునేదాన్ని నేను. ఇల్లు అద్దెకు, పోయిన సర్టిఫికెట్లు, వధువు కావలెను, అన్నీ నా చేతి మీదుగానే వెళ్లేవి. కానీ మనిషి పోయిన ఇంటి నుంచి ఎవరైనా వస్తే మా ఎడిటర్ తన గదిలోంచే "ఆ బిడ్డ దగ్గరికి పోండ్రి, మంచిగ రాస్తది" అని కేకేసేవాడు. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. ఆ మాట విన్నప్పుడల్లా లోపల ఎంత పొంగిపోయేదాన్నో ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

ఆ రోజు పదకొండు గంటలకు బల్ల ముందు కూర్చున్నది ఒక డాక్టర్ గారి పెద్దకొడుకు. డాక్టర్ గారంటే ఊరంతటికీ తెలుసు. ఆ తెల్లవారుజామున గుండె ఆగి పోయారు. కూతురు బొంబాయి నుంచి రావాలి కాబట్టి దహనం మర్నాడు పన్నెండింటికి పెట్టుకున్నారు. ఆ లోపల, అంటే మర్నాడు పొద్దుటి పేపర్లోనే ప్రకటన పడాలి. కొడుకు మందుల ఏజెన్సీ నడిపేవాడు, యాభైకి దగ్గర పడ్డ మనిషి. ఏడ్చిన కళ్లే. అది అబద్ధం కాదు.

జేబులోంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టాడు. డాక్టర్ గారి మందుల చీటీ, ఆయన చేతిరాతే. "నేను పోతే నా మీద పూలు వేయొద్దు. ఆ పైసలు ఆశ్రమంల ఉన్నోళ్లకు ఇయ్యమనుండ్రి." అంతే ఉంది. ఆశ్రమం అంటే ధర్మసాగర్ రోడ్డులో, ఊరికి దూరంగా ఉన్న కుష్ఠు రోగుల ఆశ్రమం. ఇరవై ఏళ్లు ప్రతి గురువారం ఆయన అక్కడికి వెళ్లి, పైసా తీసుకోకుండా చూసి వచ్చేవారు.

"గిది మంచిగ రాయాలె. నలుగురు సదివితే, ఔ, మనిషంటే గిట్లుండాలె అనాలె," అన్నాడు కొడుకు.

మా వైపు అప్పటికి ఇలాంటి మాట ప్రకటనలో వేయడం కొత్త. చచ్చిన మనిషిని చూడ్డానికి చేతిలో దండ లేకుండా పోవడం అంటే మా ఊళ్లో తలవంపులు. దండ వేసి, కాళ్లకు మొక్కి, ఒక్క క్షణం ముఖం చూసి పక్కకు జరగాలి. దండ వేసినవాడే చూసినవాడి లెక్క. దాన్ని వద్దనాలంటే, వద్దన్నందుకు ఎవరికీ మనసు నొవ్వకూడదు. ఇమ్మనాలంటే, అడుక్కుంటున్నట్టు ఉండకూడదు. ఎంత ఇవ్వాలో అసలు చెప్పకూడదు. "ఇవ్వదలచినవారు" అనాలి. ఎక్కడికి పంపాలో అక్షరం పొల్లుపోకుండా చెప్పాలి. ఆ ముక్క దహనం టైము కింద, కుటుంబసభ్యుల పేర్లకు పైన రావాలి. పేర్ల తర్వాత వేస్తే ఎవడూ చదవడు. ఇవన్నీ నాకు ఎవరూ నేర్పలేదు, తప్పులు చేసి నేర్చుకున్నాను.

మొదట ఇలా రాశాను: "పూలమాలలకు బదులుగా, ఇవ్వదలచినవారు తమ విరాళాలను ఆశ్రమానికి పంపవలసిందిగా కోరుతున్నాము."

ఆయన చదివి తల అడ్డంగా ఊపాడు. "బదులు అంటే ఏంది, తెచ్చేటోడు తెస్తనే ఉంటడు. గట్టిగ రాయి."

"మరీ గట్టిగ అంటే కోపమొస్తది సార్ జనాలకు."

"రానియ్యి. నాయిన మాట అది. ఒక్కడు తెస్తే అందరు తెస్తరు."

సరేనని కొట్టేసి మళ్లీ రాశాను. "స్వర్గీయుల కోరిక మేరకు ఎవ్వరూ పూలమాలలు తీసుకురావద్దని మనవి. ఆ సొమ్మును ఇవ్వదలచినవారు నేరుగా ఆశ్రమం పేరిట పంపగలరు. ఇంటి వద్ద విరాళాలు స్వీకరించబడవు. మనియార్డరు కూపను మీద డాక్టరు గారి జ్ఞాపకార్థం అని రాయగలరు." పైకి చదివి వినిపించాను. "ఎవ్వరూ" అన్న చోట కొంచెం ఒత్తి మరీ చదివాను. ఆయనకు నచ్చింది. నాకూ నచ్చింది. గట్టిగానూ ఉంది, మర్యాదగానూ ఉంది అనుకున్నాను.

ఇక అసలు లొల్లి ఆశ్రమం పేరు దగ్గర వచ్చింది. రిజిస్టర్ అయిన పేరులో కుష్ఠు అన్న మాట ఉంది. ఆ మాట తీసెయ్యమన్నాడు. "నాయిన ఫోటో కింద గా మాట ఎందుకు? ఉట్టి ఆశ్రమం అని పెట్టు. అందరికి తెలుసు గద."

"పోస్టాఫీసుకు తెల్వది సార్. పేరు సక్కగ లేకపోతే మనియార్డర్లు తిరిగొస్తయి." ఊరికే అనలేదు. అంతకు ముందు ఏడాది ఎవరో ఒక అనాథాశ్రమం పేరు నోటికొచ్చినట్టు చెబితే వేసేశాం. అది మూతపడి ఆరు నెలలైందట. పంపినవాళ్లంతా మనియార్డరు రసీదులు పట్టుకుని మా మెట్ల మీదికి వచ్చారు. అప్పటి నుంచి ఎడిటర్ ఒక పద్ధతి పెట్టాడు: ఏ సంస్థ పేరు మీద విరాళం అడిగినా, ఆ సంస్థవాళ్లు ముసాయిదా చూసి సంతకం పెడితేనే అచ్చుకు పోవాలి.

"అయితే నువ్వే పోయి పెట్టించుకరా. నేను గాడికి రాను," అన్నాడు ఆయన. తండ్రి వారం వారం వెళ్లిన చోటికి ఆ మనిషి జన్మలో ఒక్కసారీ పోలేదు. నాకు లోపల భగ్గుమంది. కుష్ఠు అన్న మాట మాత్రం ఉంచి తీరాలని పట్టుబట్టాను, ఎడిటర్ చేత కూడా చెప్పించాను. చివరికి ఒప్పుకున్నాడు, అక్షరాలు చిన్న సైజులో వెయ్యమన్నాడు. ఎంతో ధైర్యం చేసినట్టు మురిసిపోయాను నేను.

మధ్యాహ్నం ధర్మసాగర్ బస్సెక్కి, మధ్యలో దిగి, పొలాల గట్టున నడిచి వెళ్లాను. ఆశ్రమం మేనేజర్ ముసాయిదా రెండుసార్లు చదువుకుని, పేరు, పోస్టాఫీసు సరిచూసి, సంతకం పెట్టి ముద్ర వేశాడు. డాక్టర్ గారు పోయారన్న మాట వాళ్లకు అప్పటికే చేరింది. వరండాలో పది పదిహేను మంది కూర్చుని ఉన్నారు. బంతిపూల కాలం. ఆవరణంతా వాళ్లు వేసుకున్న బంతి చెట్లే. ఒక ఆడమనిషి నేల మీద కూర్చుని దండ గుచ్చుతోంది. వేళ్లు మొదళ్ల దాకా అరిగిపోయాయి. దారాన్ని కాలి బొటనవేలికి చుట్టి, పువ్వును అరచేతుల మధ్య ఆనించి పట్టుకుని, ముడిని పళ్లతో బిగిస్తోంది.

ఒక ముసలాయన లేచి నా దగ్గరికి వచ్చాడు. నాలుగడుగుల దూరంలోనే ఆగాడు. అలా ఆగడం ఆయనకు అలవాటు. రోగం తగ్గి పదేళ్లు దాటిందట, పరీక్షలో ఏమీ లేదని డాక్టర్ గారే రాసిచ్చిన చీటీ జేబులో పెట్టుకు తిరుగుతాడట. ఆ చీటీ చూపించినా సొంతూళ్లో అన్నదమ్ములు గడప ఎక్కనివ్వలేదు కాబట్టి ఇక్కడే ఉండిపోయాడు.

"బిడ్డా, గా కాయితంల ఏమున్నది? జర సదువు," అన్నాడు.

చదివాను. "ఎవ్వరూ పూలమాలలు తీసుకురావద్దని" అన్న చోటికి వచ్చేసరికి గుచ్చుతున్న ఆడమనిషి చెయ్యి ఆగింది.

"అంటే మేం గూడ తేవద్దా?" అన్నాడు ముసలాయన. "గాయన నా కాళ్ల పుండ్లు తన చేతుల్తోని కడిగిండు బిడ్డా. నా పెండ్లాం గూడ ముట్టని కాళ్లు. ఒక్క దండ ఆయన మెడల ఏసి వస్త. నాకింకేం అక్కరలేదు. పైసల్ గిట్ల ఇయ్యకున్నా మంచిదే."

ఆ మనిషికి కావలసింది అదొక్కటే. దండ వేసి ఆయన ముఖం చూడటం.

"అయ్యో తాతా, అది మీకోసం రాసింది కాదు," అన్నాను. "ఊరోళ్ల కోసం రాసినం. మీరు తీసుకరాండ్రి. మిమ్మల్ని ఎవరు కాదంటరు? నేను ఆడనే ఉంట."

"నిజంగనా?"

"నిజంగనే. ఫికర్ చెయ్యకు."

ఎవరిచ్చారు నాకా అధికారం? రాసింది నేనే కదా అన్న పొగరు. ముసాయిదాలో ఒక్క ముక్క కలిపి ఉండొచ్చు: ఆశ్రమవాసులు తప్ప అని. సంతకం అయిపోయింది, బస్సు టైమైంది, కంపోజింగ్ వాళ్లు ఎదురు చూస్తుంటారు అనుకుని కలపలేదు. నోటి మాట చాలనుకున్నాను.

మర్నాడు పొద్దున ప్రకటన పడింది. నల్ల బార్డరు, రెండు కాలమ్‌లు, పైన డాక్టర్ గారి ఫోటో. ఆయనకు ఎప్పుడో సన్మానం జరిగితే చేయించిన ఫోటో అచ్చు బ్లాకు మా దగ్గరే ఉంది. పోయినవాళ్లింటికి పాతిక కాపీలు ఊరికే ఇచ్చే అలవాటు. ఆ కట్ట పట్టుకుని, వచ్చిన పెద్దమనుషుల పేర్లు వార్తకు రాసుకురమ్మని ఎడిటర్ చెబితే, నేనే వాళ్లింటికి వెళ్లాను.

షామియానా వేశారు. వరండాలో మంచు దిమ్మెల మీద డాక్టర్ గారిని పడుకోబెట్టారు. చూసి అలాగే నిలబడిపోయాను. మెడలో గులాబీల దండలు. ఒకటి కాదు, నాలుగో ఐదో. ఒక నాయకుడు తెచ్చింది, డాక్టర్ల సంఘం తెచ్చింది, మందుల వ్యాపారులు తెచ్చింది, ఇంకెవరివో. పెద్దకొడుకు దగ్గరికి వెళ్లి పేపర్ల కట్ట ఇచ్చి, మెల్లగా అన్నాను: "సార్, దండలు..."

"పెద్దోళ్లు తెచ్చిండ్రు. మొకం మీద ఎట్ల వద్దంటం?" అన్నాడు.

"ఎవ్వరూ అని మనమే రాసినం గద సార్."

"రాసినం. మిగతోళ్లు ఎవరు తేలే, సూడు." అది నిజమే. మామూలు జనం అంతా ఉత్త చేతులతో వచ్చి, ఏం చెయ్యాలో తెలియక, దండలున్న శవానికి దూరం నుంచే దండం పెట్టి వెళ్లిపోతున్నారు. ఒకాయన తన చేతులు వెనక్కి దాచుకోవడం కూడా చూశాను.

పదిన్నరకు వాళ్లు వచ్చారు. ముసలాయన, పూలు గుచ్చిన ఆడమనిషి, ఇంకొకాయన. కండక్టర్ బస్సు ఎక్కనివ్వలేదట. చీకటితో బయలుదేరి నడుచుకుంటూ వచ్చారు. కాళ్లకు గుడ్డలు చుట్టుకున్నారు. దండను తడి తువ్వాలలో చుట్టి, ముసలాయన రెండు మోచేతుల మీద మోసుకొచ్చాడు. షామియానా కింద ముందు వరస కుర్చీల్లోంచి ఇద్దరు ఆడవాళ్లు లేచి లోపలికి పోయారు.

పెద్దకొడుకు గేటు దగ్గరికి పరుగున వెళ్లాడు. "ఆడనే ఆగుండ్రి. లోపలికి రావద్దు. దండలు వద్దని పేపర్ల ఏసినం గద."

"గా బిడ్డ మాకు కాదన్నది సారూ," అన్నాడు ముసలాయన. నన్ను చూసి ఆయన ముఖం విప్పారింది. "గదో, గామెనే. సెప్పు బిడ్డా."

నేను ముందుకు వెళ్లాను. ఇప్పటికీ అంటాను, ఆ క్షణం నాకు భయం లేదు, కోపమే ఉంది. "సార్, ఈ దండ ఒక్కటి వెయ్యనివ్వండి. లోపల ఐదున్నయి. మీ నాన్నగారు ఎవరి కోసం ఆ మాట రాసిండ్రో వాళ్లే వీళ్లు," అన్నాను. గట్టిగానే అన్నాను.

ఆయన అరవలేదు. నా పక్కకు వచ్చి నెమ్మదిగా అన్నాడు, "సూడమ్మా. నాయినకు వీళ్లంటే పానం. నాకు తెల్వదా? గని ఈడ సుట్టాలున్నరు. వీళ్లు లోపలికొస్తే సగం మంది లేసి పోతరు. పాడె ఎవరు మోస్తరు? ఒక పని జెయ్యి. దండనే గద. నువ్వు తీస్కపోయి నీ చేతుల్తోని ఏయి. నేను వద్దన. వీళ్లు గేటుకాన్నుంచి సూస్తరు."

ముసలాయన విన్నాడు. ఆ మాట విని ఆయన ముఖం వెలిగిపోవడం నేను చూశాను. తువ్వాల విప్పాడు. ముంజేతంత మందాన, ముద్దబంతుల దండ. రాత్రంతా కూర్చుని గుచ్చినట్టున్నారు. రెండు మోచేతుల మీద ఎత్తి నా వైపు చాపాడు.

"ఏస్తవా బిడ్డా? నువ్వేస్తే మేమేసినట్టే. ముట్టుకుంటే ఏం గాదు, నీళ్లల్ల కడిగినం."

నా చేతులు లేవలేదు.

నాకు తెలియక కాదు. కుష్ఠు నయమవుతుంది, ముట్టుకుంటే అంటదు, భయపడవద్దు అని ఆరోగ్యశాఖ ప్రకటన నెలకోసారి మా పేపర్లో వేసేదాన్ని నేనే. ప్రూఫ్ దిద్దేదాన్ని నేనే. అయినా నా కళ్ల ముందు ఆ ముడి, ఆ పళ్లు, ఆ ఎంగిలి దారం. ఇంటికెళ్లి మా అమ్మకు ఏం చెప్పాలి అన్న ఆలోచన. చేతులు కొంగు పట్టుకుని ఉండిపోయాయి. పెద్దకొడుకు నన్నే చూస్తున్నాడు. నన్ను లోపలిదాకా చదివేసినట్టు చూస్తున్నాడు. మా ఇద్దరికీ తేడా ఏమీ లేదని ఆయనకు తెలిసిపోయింది.

"వద్దని రాసినం గద తాతా," అన్నాను. నా గొంతు నాకే వినసొంపుగా, మర్యాదగా వినబడింది. "ఎవ్వరు తేవద్దని అచ్చేసినం. మనమే మాట తప్పితే ఎట్ల?"

ముసలాయన నా ముఖం చూడలేదు, నా చేతులు చూశాడు. జీవితమంతా ఆయన చూసినవి అలాంటి చేతులే కాబోలు, ఒక్క క్షణంలో అర్థమైపోయింది. పూలు గుచ్చిన ఆడమనిషి ఏదో అనబోతే మోచేత్తో ఆపాడు.

"ఔ బిడ్డా. రాసిండ్రు గద. నువ్వే సదివినవు నిన్న." అంతే అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. దండను మళ్లీ తువ్వాలలో చుట్టి, రోడ్డుకు అవతలి పక్కన గోడ నీడన ముగ్గురూ నిలబడ్డారు. పన్నెండింటికి పాడె లేచింది. డప్పులు మొదలయ్యాయి. జనం బొరుగులు, పూలరేకులు చల్లుకుంటూ వాళ్ల ముందు నుంచే వెళ్లారు. దండలు అడ్డం వచ్చి డాక్టర్ గారి ముఖం సరిగ్గా కనబడలేదు. ముసలాయన మునివేళ్ల మీద లేవాలని చూశాడు, ఆ కాళ్లకు మునివేళ్లు లేవు.

నేను నాయకుల పేర్లు రాసుకుని ఆఫీసుకు వచ్చేశాను. వచ్చి, ముట్టుకోని చేతులను సబ్బుతో కడుక్కున్నాను.

ప్రకటన మాత్రం బ్రహ్మాండంగా పని చేసింది. ఆశ్రమానికి మనియార్డర్ల మీద మనియార్డర్లు వచ్చాయని మేనేజర్ ఉత్తరం రాశాడు. కొత్త మంచాలు కొన్నారట. ఆ ముసలాయన గురించి ఒక్క ముక్క లేదు, నేను అడగనూ లేదు. ఊళ్లో ఇంకో మూడు పెద్దిళ్ల వాళ్లు అదే వాక్యం కావాలని నా బల్ల దగ్గరికి వచ్చారు. మక్కీకి మక్కీ దించి ఇచ్చాను.

పదకొండో రోజు అయిన మర్నాడు పెద్దకొడుకు మళ్లీ వచ్చాడు. కృతజ్ఞతల ప్రకటన వెయ్యాలి. వచ్చినవాళ్లకు, పాడె మోసినవాళ్లకు, ఆశ్రమానికి విరాళాలు పంపినవాళ్లకు. అంతా రాశాక, కలం ఎత్తబోతుంటే ఆగమన్నాడు.

"ఇంకొక్క ముక్క పెట్టు. దండలు తేనోళ్లకు గూడ సెప్పాలె గద. మన మాట ఇన్నరు పాపం."

నేను ఆయన వైపు చూశాను. ఎగతాళి లేదు. మనస్ఫూర్తిగానే అంటున్నాడు. నేనేమన్నా అంటానేమోనన్న అనుమానం కూడా ఆ ముఖంలో లేదు. నా దగ్గర అనడానికి ఏముందో ఆయనకు తెలుసు.

రాశాను: "మా మనవిని మన్నించి, పూలమాలలు సమర్పించకుండా సహకరించిన ప్రతి ఒక్కరికీ పేరు పేరునా ధన్యవాదములు." మంచిగ కుదిరిందన్నాడు. ఎడిటర్ కూడా మెచ్చుకున్నాడు. ప్రకటనలో పేరున్న సంస్థకు ఒక కాపీ పంపడం మా రివాజు. అచ్చయిన రోజు పొద్దున్నే ఆ పేపరు మడతపెట్టి, చిరునామా రాసి, ఆశ్రమానికి పోస్టు చేసింది నేనే. అక్కడ చదువు వచ్చినవాళ్లు లేనివాళ్లకు పైకి చదివి వినిపిస్తారని నాకు తెలుసు.